పక్క సోఫా నుంచి టీవీ వెలిసిపోతోంది
"ఎదురుగా బాగానే ఉంది. పక్క సోఫా నుంచి రంగులు వెలిసిపోయి, తెర మెరుస్తోంది. కూకట్‌పల్లి ఫ్లాట్, హాల్ పక్కనే బాల్కనీ."

మీ టీవీ తెర వీఏ అనే రకం ప్యానెల్ అయ్యుండాలి. ఎదురుగా నలుపు చిక్కగా ఉంటుంది, పక్కకు జరిగితే పాలిపోతుంది. మెరుపు మాత్రం గదిలోని వెలుతురుది. ఈ రెండింటినీ చాలామంది విడదీసి చూడరు.

1. రాత్రి లైట్లన్నీ ఆపి పక్క సోఫా నుంచి చూడండి. అప్పుడూ వెలిసినట్టుంటే తప్పు ప్యానెల్‌దే. పిక్చర్ సెట్టింగులతో పోదు.
2. పగలు టీవీ ఆపి, అక్కడి నుంచే నల్లటి తెరలోకి చూడండి. అందులో ఏది కనిపిస్తే దాన్నే కప్పాలి. మా ఇంట్లో బాల్కనీ అనుకుని కర్టెన్ కొన్నాం, తీరా చూస్తే వంటింటి ట్యూబ్‌లైట్!
3. తప్పు ప్యానెల్‌దే అయితే, తిరిగే వాల్ మౌంట్ పెట్టి టీవీని సోఫా వైపు కాస్త తిప్పండి. తిప్పాక 2 మళ్లీ చేయండి, ప్రతిబింబం చోటు మారుతుంది.

కొత్తది కొంటే ఐపీఎస్ అనే రకం ప్యానెల్ పక్కనుంచి మెరుగు. కాకపోతే చీకట్లో నలుపు బూడిదరంగులా కనిపిస్తుంది.