గల్లీలో ఉన్న షాపును మ్యాప్‌లో పెట్టడం: ముందు పిన్, తర్వాతే వీడియో

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో లోపలి గల్లీలో నాకు చిన్న లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. గూగుల్ మ్యాప్‌లో పెట్టుకుందామని, షాపు నాదేనని చూపించే వీడియో పంపితే రెండుసార్లు రిజెక్ట్ అయింది. ఒకాయన ఫోన్ చేసి మూడు వేలు ఇస్తే తానే చేసిపెడతానంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు:

ఇవ్వకండమ్మా. మ్యాప్‌లో షాపు లిస్టింగ్‌కు గూగుల్ ఒక్క రూపాయి కూడా తీసుకోదు. డబ్బు ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు, అసలు చిక్కు వేరే ఉంది. మిర్యాలగూడలో మా బామ్మర్ది ఇలాగే ఒకరికి డబ్బులిచ్చి చేయించుకున్నాడు. ఆ డబ్బు తీసుకున్న మనిషి తన జీమెయిల్‌తో లిస్టింగ్ తెరిచాడు. ఏడాది తర్వాత షాపు పక్క వీధికి మారింది, అడ్రస్ మార్చాలంటే మావాడి చేతిలో ఏమీ లేదు. ఆ మనిషి ఫోన్ ఎత్తలేదు. చివరికి మ్యాప్‌లో షాపు పేరు నొక్కి, యాజమాన్యం మాకివ్వమని రిక్వెస్ట్ పెట్టి, ఎదురుచూసి, మళ్లీ వెరిఫికేషన్ చేసుకుంటే గానీ లిస్టింగ్ మా చేతికి రాలేదు. అందుకే ఎవరు పక్కన కూర్చుని సాయం చేసినా, అకౌంట్ మాత్రం మీ సొంత జీమెయిల్‌దే ఉండాలి.

ఇక మీ వీడియో సంగతి. నాది దేవరకొండలో మోటార్ వైండింగ్ షాపు. నా వీడియో కూడా మొదటిసారి పోయింది. అయితే అంతకంటే ముందే, మ్యాప్‌లో షాపు చోటు చూపించే నా పిన్ తప్పుగా ఉందని ఒక రైతు వల్ల తెలిసింది. ఎండాకాలం సాయంత్రం, చందంపేట వైపు తండా నుంచి కాలిన సబ్‌మెర్సిబుల్ మోటార్ ట్రాలీలో వేసుకుని వచ్చాడు. ఫోన్ చేసి, "అన్నా, ఫోన్ల చూపిస్తున్న కాడనే నిలబడ్డ, ఈడ అన్నీ బట్టల దుకాణాలే ఉన్నయి" అన్నాడు. నేను బండి వేసుకుని వెళ్లి తీసుకొచ్చాను. నేను అడ్రస్‌లో "మెయిన్ రోడ్, దేవరకొండ" అని మాత్రమే రాశాను. ఇంటి నంబర్ లేని అలాంటి అడ్రస్ ఇస్తే మ్యాప్ ఊరి మధ్యలో ఎక్కడో ఒకచోట పిన్ వేసేస్తుంది. మన పట్టణాల్లో చాలా షాపులకు జరిగేది ఇదే.

మీది లోపలి గల్లీ కాబట్టి ముందు పిన్ చూసుకోండి. గూగుల్‌లో మీ షాపు ప్రొఫైల్ తెరిచి, `Edit profile` లోకి వెళ్లి, లొకేషన్ దగ్గర మ్యాప్ మీద `Adjust` నొక్కండి. శాటిలైట్ వ్యూ పెట్టి, మీ షాపు పైకప్పు కనిపించేదాకా పెద్దది చేయండి. పిన్‌ను పైకప్పు మధ్యలో కాకుండా షట్టర్ ఉన్న వైపు అంచు మీద పెట్టండి. ఎందుకంటే మ్యాప్ దారి చూపించేటప్పుడు పిన్‌కు దగ్గరగా ఉన్న రోడ్డును పట్టుకుంటుంది. పిన్ కొంచెం వెనక్కి జరిగితే వచ్చేవాళ్లను మీ వెనక వీధిలోకి తీసుకెళ్లి, గోడ ముందు నిలబెడుతుంది. సేవ్ చేసి, షాపు మ్యాప్‌లో కనిపించడం మొదలయ్యాక ఇంకొకరి ఫోన్‌లో డైరెక్షన్స్ పెట్టి చూడండి. నీలం గీత మీ గుమ్మం ముందు ఆగాలి. మీ గల్లీయే మ్యాప్‌లో లేకపోతే, మ్యాప్స్ యాప్‌లో రోడ్డు లేదని రిపోర్ట్ చేసే ఆప్షన్ ఉంది. దానికి టైమ్ పడుతుంది, అందుకే ఆలోపు అడ్రస్‌లో ఇంటి నంబర్, కాలనీ పేరు పూర్తిగా రాయండి.

పిన్ సరిచేయకుండా వీడియో పంపితే లాభం ఉండదు. గూగుల్‌లో ఆ వీడియో చూసేవాళ్లు అందులోని వీధికీ, మీరిచ్చిన అడ్రస్‌కూ పొంతన వెతుకుతారు.

వీడియోలో మూడు విషయాలు కనపడాలి: షాపు ఎక్కడుంది, నిజంగా ఆ వ్యాపారమే నడుస్తోందా, అది మీ చేతిలోనే ఉందా. మొదటిసారి నేను షాపు లోపల మొదలుపెట్టి వైండింగ్ మిషన్, రాగి తీగ చుట్టలు చూపించి ఆపేశాను. వీధి లేదు, బోర్డు లేదు, తాళం తీయడం లేదు. రెండోసారి పొద్దున షాపు తెరవకముందు రోడ్డు మీద నిలబడి మొదలుపెట్టాను. పక్క షాపుల బోర్డులు, కరెంటు స్తంభం, ఎదురుగా ఉన్న మెడికల్ షాపు చూపించాను. తర్వాత నా బోర్డు మీద రెండు మూడు సెకన్లు కెమెరా ఆపాను. నా తాళంచెవితో తాళం తీసి, షట్టర్ ఎత్తి, లోపల లైట్ వేసి, విప్పిపెట్టిన మోటార్, మిషన్, షాపు పేరుతో అచ్చేయించిన బిల్ బుక్ చూపించాను. నిమిషంన్నర పట్టింది, మధ్యలో ఎక్కడా ఆపలేదు. ముక్కలు ముక్కలుగా తీసి అతికిస్తే ఒప్పుకోరు. నాలుగో రోజు ఆమోదం వచ్చింది.

మీరైతే గల్లీ మొదట్లో మెయిన్ రోడ్డు కనపడే చోట మొదలుపెట్టి, నడుచుకుంటూ షాపుదాకా రండి. తాళం తీయండి, మిషన్ మీద కూర్చుని ఒక కుట్టు వేయండి, ఆర్డర్ బుక్ తెరవండి, ట్రేడ్ లైసెన్స్ గోడకు ఉంటే అదీ చూపించండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మాత్రం కెమెరా ముందు పెట్టొద్దు. కస్టమర్ల ముఖాలు కూడా పడకూడదు, అందుకే ఎవరూ రాని పొద్దున పూటే మేలు. చీకటి పడ్డాక తీస్తే బోర్డు మీద అక్షరాలు చదవడానికి రావు.

బోర్డు విషయంలో ఒకటి చూసుకోండి, మీ రెండు రిజెక్షన్లకు కారణం అదే కావచ్చని నా అనుమానం. ప్రొఫైల్‌లో పేరు బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి. చాలామంది బోర్డు మీద ఒకటి రాయించి, ఫోన్‌లో "బెస్ట్ లేడీస్ టైలర్ మహబూబ్‌నగర్ బ్లౌజ్ స్టిచింగ్" అని పొడుగ్గా కొడతారు. దాంతో లిస్టింగ్ సస్పెండ్ కూడా కావచ్చు. బ్లౌజ్, డ్రెస్ మెటీరియల్, ఫాల్, పీకో లాంటివి సర్వీసుల దగ్గర రాసుకోవాలి, పేరులో కాదు. బోర్డు లేకపోతే ముందు చిన్న ఫ్లెక్స్ అయినా కట్టించి, ఆ తర్వాతే వీడియో తీయండి.

ముఖ్యమైన కేటగిరీ `Tailor` అని పెట్టండి. `Boutique` అని వినడానికి బాగుంటుంది గానీ, అలా పెడితే రెడీమేడ్ డ్రెస్సులు వెతికేవాళ్లు ఫోన్లు చేసి మీ టైమ్ తింటారు. కుట్టించుకోవాలనుకున్న వాళ్లకేమో మీరు సరిగా కనపడరు.

ఆమోదం వచ్చాక మీ షాపు ఊరంతటికీ మొదటి పేరుగా కనిపిస్తుందని అనుకోకండి. వెతికే మనిషి ఎక్కడ నిలబడి వెతుకుతున్నారన్నది చాలా తేడా చేస్తుంది. మీ కాలనీలో పైన కనిపించే షాపు, బస్టాండ్ దగ్గర వెతికితే కిందికి పోవచ్చు. మీ షాపులో కూర్చుని మీ ఫోన్‌లో చూసుకుంటే బాగానే కనపడుతుంది. అందుకే జడ్చర్ల నుంచి బస్సు దిగిన మీ చుట్టాలెవరినైనా, మీకు ఫోన్ చేయకుండా మ్యాప్ చూసుకుంటూ షాపుకు రమ్మనండి. ఎక్కడ తడబడ్డారో వాళ్లు చెబితే, ఆ మలుపు దగ్గర నుంచి షాపు ఎలా కనపడుతుందో ఫోటో తీసి లిస్టింగ్‌లో పెట్టండి.