ఇన్సూరెన్స్ కాగితంతో వాటాలు వేయకు

చిట్టీ,

నానమ్మ కెంపుల నెక్లెస్ నువ్వు ఉంచుకుని, అన్నయ్యకీ చెల్లికీ వాళ్ల వాటా డబ్బుగా ఇచ్చేస్తానన్నావట. సంతోషం. కానీ ఇన్సూరెన్స్ కోసం రాయించిన వాల్యుయేషన్ కాగితం పట్టుకుని మాత్రం లెక్క కట్టకు, నిలువునా నష్టపోతావు.

ఆ కాగితంలో ఉన్నది రీప్లేస్‌మెంట్ విలువ. నెక్లెస్ పోతే అలాంటిదే ఇంకొకటి షాపులో వెంటనే కొనాలన్నా, అదే పనితనంతో కొత్తగా చేయించాలన్నా ఎంతవుతుందో అది, కాబట్టి షాపు లాభం, మజూరీ, పన్ను అన్నీ అందులో కలిసే ఉంటాయి. నువ్వు అమ్మబోతే అవేవీ నీ చేతికి రావు.

వాటాలకి కావలసింది మార్కెట్ విలువ. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ ఇద్దరికీ బలవంతం లేకుండా, వస్తువు సంగతి ఇద్దరికీ తెలిసి కుదుర్చుకునే ధర. వాల్యుయర్ దాన్ని ఊహించి రాయకూడదు, అలాంటి నగలు ఈమధ్య నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో చూపించి రాయాలి.

ఇక వేలం సంస్థ ఇచ్చిన ఎస్టిమేట్ ఇంకో రకం. పాట ఎక్కడ ఆగవచ్చో అని వాళ్లు వేసే అంచనా అది, నలుగురు పాటకి రావాలని కాస్త తక్కువగానే వేస్తుంటారు, అదేం హామీ కాదు. పైగా కొన్నవాళ్లు సంస్థకి కట్టే అదనపు కమిషన్ మామూలుగా అందులో ఉండదు, నీ దగ్గర కోసుకునే కమిషన్ కూడా అందులో తీసేసి ఉండదు.

లెక్క వేసి చూపిస్తా. ఇన్సూరెన్స్ కాగితంలో 100 ఉందనుకో, ఎస్టిమేట్ 30 నుంచి 40. పాట 35 దగ్గర ఆగింది. కొన్నవాళ్లు దాని మీద 25 శాతం కలిపి దాదాపు 44 కడతారు. నీకు 10 శాతం కమిషన్ పోగా 31.5 మిగులుతుంది, ఫోటోలు, రవాణా ఖర్చు కూడా తీసేస్తే 30 అనుకో. అందుకే పాత వేలం ఫలితాలు చూసేటప్పుడు ఆ అంకెలో కొన్నవాళ్ల కమిషన్ కలిసి ఉందో లేదో ముందు చూడు, చాలామంది పొరబడేది అక్కడే.

వాల్యుయర్ మార్కెట్ విలువ 42 అన్నాడనుకో. అప్పుడు నువ్వు ఇద్దరికీ 14 చొప్పున ఇవ్వాలి. ఇన్సూరెన్స్ కాగితం పట్టుకుంటే తలా 33 ఇస్తావు, అంటే రెండింతలకు పైనే, ఆ నెక్లెస్ మొత్తం అమ్మినా నీకు 30 వచ్చే చోట!

కాబట్టి కొత్త వాల్యుయేషన్ రాయించు. "కుటుంబంలో వాటాలు పంచుకోడానికి, మార్కెట్ విలువ కావాలి" అని ముందే చెప్పు, ఆ ప్రయోజనం, ఏ తేదీ నాటి విలువ అన్నది కాగితం మీద రాయమను. పాత కాగితం పారేయకు, పాలసీకి అదే కావాలి.

చెల్లి ఇంకా 100 దగ్గరే పట్టుబడితే, నెక్లెస్ తననే తీసుకుని మీ ఇద్దరికీ తలా 33 ఇవ్వమని అడుగు.

మీ పెదనాన్న