వీడ్కోలు మెయిల్‌లో ‘మేము’ రాయాలా, ‘మనం’ రాయాలా?

సందేహం: మా కంపెనీ తెలుగు అనువాద విభాగంలో మూడేళ్లుగా టీమ్ లీడ్‌గా ఉన్నాను. వచ్చే సోమవారం అదే కంపెనీలో శిక్షణ విభాగానికి మారుతున్నాను. మా విభాగంలో మెయిళ్లు తెలుగులోనే రాసుకుంటాం. ఇంగ్లిషు నమూనా ఒకటి చూసుకుని టీమ్‌కి ఇలా రాశాను (పేర్లు మార్చాను):

“ప్రియమైన అందరికీ, నేను శిక్షణ విభాగానికి వెళ్తున్నానని తెలియజేయడానికి చింతిస్తున్నాను. మేము ఈ మూడేళ్లలో ఎన్నో సాధించాము. ఈ ప్రయాణంలో భాగమైనందుకు మీకు ధన్యవాదాలు. నా బాధ్యతలు లావణ్యకు అప్పగించబడ్డాయి. క్లయింట్ మెయిళ్లు అనిల్ చూస్తాడు. శుక్రవారం వరకు నన్ను సంప్రదించగలరు. మిమ్మల్ని మిస్ అవుతాను. ఇక సెలవు. భవదీయురాలు...”

చదివిన స్నేహితురాలు ‘ఏదో తేడాగా ఉంది’ అంది గానీ ఏమిటో చెప్పలేకపోయింది. ‘మేము’ దగ్గర నాకూ అనుమానంగానే ఉంది. చూసి చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ అనుమానం సరైన చోటే పడిందమ్మా. ‘మేము’ అంటే వింటున్నవాళ్లను మినహాయించి మిగతా మేమందరం అని అర్థం. ఇంటికొచ్చిన చుట్టంతో ‘మేము సినిమాకి వెళ్తున్నాం’ అంటే, నిన్ను తీసుకెళ్లడం లేదు అని చెప్పినట్టే. అదే ‘మనం వెళ్తున్నాం’ అంటే చుట్టం కూడా బయల్దేరొచ్చు. మీ మెయిల్ చదివేది టీమ్ వాళ్లు. వాళ్లతో ‘మేము ఎన్నో సాధించాము’ అంటే ఆ సాధించినవాళ్లలో వాళ్లు లేరన్నమాట. మీరు, మీ పైవాళ్లు మాత్రమే మిగులుతారు. థ్యాంక్స్ చెప్పే వాక్యానికి ముందు వాక్యంలోనే వాళ్లను గుమ్మం బయట నిలబెట్టేశారు. మీ స్నేహితురాలికి తేడాగా అనిపించింది ముఖ్యంగా ఇదే అయి ఉంటుంది.

ఇది మీ నమూనా తెచ్చిన తంటా. ఇంగ్లిషులో ‘వుయ్’ ఒక్కటే, హిందీలో ‘హమ్’ ఒక్కటే. కన్నడంలో కూడా ఇప్పుడు ‘నావు’ ఒక్కటే రెండు పనులూ చేస్తోంది. తెలుగు, తమిళం, మలయాళం మాత్రం ఈ తేడాను నిలబెట్టుకున్నాయి. తమిళంలో మన ‘మేము’కి ‘నాంగళ్’, ‘మనం’కి ‘నామ్’. బళ్లో అందరం ‘వుయ్ అంటే మేము’ అని బట్టీ పట్టినవాళ్లమే కాబట్టి, ఇంగ్లిషు వాక్యం ఎదురుగా ఉంటే చెయ్యి ‘మేము’ వైపే పోతుంది. నోటితో చెప్పేటప్పుడు ఈ తప్పు చిన్నపిల్లలు కూడా చేయరు.

ఇందులో ఒక వెసులుబాటు ఉంది. తేడా అంతా సర్వనామంలోనే, క్రియలో లేదు. ‘మేము సాధించాం’, ‘మనం సాధించాం’ రెండింటికీ క్రియ ఒక్కటే. అందుకే సర్వనామం వదిలేసి ‘ఈ మూడేళ్లలో ఎన్నో పనులు పూర్తి చేశాం’ అన్నా ఎవరికీ గుచ్చుకోదు. అయినా వీడ్కోలు మెయిల్‌లో ఒక్కసారైనా ‘మనం’ రాయండి. అది అక్కడ కావలసిన మాట. మెయిల్ కాపీ మీ మేనేజర్‌కో శిక్షణ విభాగం వాళ్లకో వెళ్తున్నా ఇబ్బంది లేదు. ఎవరిని పలకరిస్తూ రాస్తున్నారో వాళ్లను బట్టే ‘మనం’ ఉంటుంది, పక్కనుంచి చదివేవాళ్లను బట్టి కాదు.

అసలు చిక్కు సోమవారం తర్వాతి విషయాలు రాసేటప్పుడు వస్తుంది. అప్పటికి మీరు ఆ టీమ్‌లో ఉండరు. ‘మన టీమ్‌కి లావణ్య లీడ్’ అంటే మీరింకా అక్కడే ఉన్నట్టుంది. ‘మీ టీమ్’ అంటే నిన్నటిదాకా కలిసి కూర్చున్నవాళ్లతో తెగతెంపులు చేసుకున్నట్టుంది. ‘మా శిక్షణ విభాగం’ అంటే ఇంకా అడుగు పెట్టకముందే పార్టీ మార్చినట్టుంది. నా సలహా ఏమిటంటే, జరిగిపోయిన పనుల దగ్గర ‘మనం’ అనండి. జరగబోయే వాటి దగ్గర మన, మీ, మా ఏదీ పెట్టకుండా ఊరికే ‘టీమ్’ అని, ‘శిక్షణ విభాగం’ అని వదిలేయండి. తెలుగు వాక్యానికి అదేం లోటు కాదు.

ఇక అప్పగింత వాక్యాలు. వీటిలో తప్పు వస్తే మాట నొప్పి కాదు, పనే ఆగిపోతుంది. ‘అప్పగించబడ్డాయి’ అన్నారు. ఎవరు అప్పగించారు? ఎప్పుడు? ‘-బడు’ ప్రయోగం తెలుగులో లేదని కాదు, పాత పుస్తకాల్లో ఉంది, ఇప్పటి నోటీసుల్లోనూ ఉంది. కానీ అది చేసినవాళ్లను చాటున దాస్తుంది. పైగా ‘బడ్డాయి’ అని భూతకాలంలో రాశారు కాబట్టి, మెయిల్ చదివిన క్షణం నుంచే లావణ్య గారు లీడ్ అని అర్థమవుతుంది. మీ ఉద్దేశం అది కాదు. ‘సోమవారం నుంచి టీమ్ లీడ్ బాధ్యతలు లావణ్య గారు తీసుకుంటారు’ అంటే ఎవరు, ఏమిటి, ఎప్పుడు మూడూ వచ్చేస్తాయి.

‘అనిల్ చూస్తాడు’లో ఉన్న మెలిక ఇంకా సన్ననిది. తెలుగులో ‘చూస్తాడు’ అనే రూపం రోజూ చేసే పనికీ వాడతాం, ముందు చేయబోయే పనికీ వాడతాం. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’, ‘తమ్ముడు రేపు వస్తాడు’ రెండూ ఒకే రూపం. మొదటిదాన్ని వ్యాకరణంలో తద్ధర్మం అంటారు, రెండోది భవిష్యత్తు. ఇంగ్లిషులో ‘విల్’ పెట్టగానే తేలిపోయేది మనకు క్రియలో తేలదు. కాబట్టి మీ వాక్యానికి ‘క్లయింట్ మెయిళ్లు ఇప్పటికే అనిల్ చూస్తున్నాడు, మీకు తెలిసిందే’ అనీ, ‘ఇకమీదట అనిల్ చూస్తాడు’ అనీ రెండు అర్థాలు. టీమ్‌లో సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా అనుకుంటే, శుక్రవారం వచ్చిన క్లయింట్ మెయిల్‌కి మీరు జవాబిస్తారని అనిల్, అనిల్ ఇస్తాడని మీరు ఊరుకుంటారు. ‘ఇకపై’, ‘సోమవారం నుంచి’ లాంటి మాట ఒకటి పెడితే ఈ పేచీ ఉండదు.

‘శుక్రవారం వరకు’ సంగతీ ఇంతే. శుక్రవారం కలిపా, కలపకుండానా? ‘శుక్రవారం సాయంత్రం దాకా’ అనండి. ‘వచ్చే సోమవారం’ కూడా నమ్మదగ్గది కాదు. గురువారం నాడు ఆ మాట అంటే నాలుగు రోజుల్లో వచ్చేదని కొందరు, ఆ పై వారానిదని కొందరు అనుకుంటారు. పక్కన తేదీ వేసేయండి. ‘సంప్రదించగలరు’ని నోటీసు బోర్డులకు వదిలేసి ‘అడగండి’ అంటే చాలు.

‘చూస్తాడు’ని ‘చూస్తారు’ చేయడం మరిచిపోకండి. మీరు అనిల్‌ని ‘నువ్వు’ అనే పిలుస్తుండవచ్చు, వయసులో తమ్ముడే కావచ్చు. కానీ ఈ మెయిల్ పదిమంది చదువుతారు, వాళ్లలో అనిల్ కంటే చిన్నవాళ్లుంటారు, రేపటి నుంచి అతని మాట వినాల్సినవాళ్లుంటారు. ఒకరికి ‘గారు’ పెట్టి ఇంకొకరికి తీసేస్తే అదీ ఎత్తి చూపిస్తారు. ఇద్దరికీ గారు, ఇద్దరికీ బహువచనం.

థ్యాంక్స్ వాక్యంలో, ‘ప్రయాణంలో భాగమైనందుకు’ ఎవరు భాగమైనట్టు? ‘నందుకు’కి ముందు కర్త లేకపోతే చదివేవాళ్లు దగ్గర్లో ఉన్నవాళ్లను తగిలించుకుంటారు. ‘నేను భాగమైనందుకు’ అని కూడా చదవొచ్చు. అయినా ఉద్యోగాన్ని ప్రయాణం అనడం మనకు ఈమధ్య అంటుకున్న అలవాటు. ఎవరు ఏం చేశారో ఒక్క పని చెప్పి దానికి కృతజ్ఞతలు చెబితే చదివినవాళ్లకు ‘అవును, నేనే చేశాను’ అనిపిస్తుంది. ధన్యవాదాలు అన్నా, కృతజ్ఞతలు అన్నా సరే. టైపు చేసేటప్పుడు మాత్రం ‘కృతఙ్ఞత’ అని పడకుండా చూసుకోండి. అక్కడ ఞ వత్తు జకారం కింద ఉండాలి, ఙ కింద కాదు.

మిగిలినవి చిన్నవి. ‘తెలియజేయడానికి చింతిస్తున్నాను’ అంటే చదివేవాళ్లకు గుండె ఝల్లుమంటుంది, ఎవరో పోయారనుకుంటారు. తీసేయండి. ‘మిస్ అవుతాను’ ఉంచండి, అందరూ అనేదే. దాని బదులు అచ్చ తెలుగు పెడదామని ‘తీరని లోటు’ జోలికి మాత్రం పోవద్దు, అది సంతాప సభల సొత్తు. ‘ఇక సెలవు’ తప్పు కాదు గానీ, రేపు అదే క్యాంటీన్‌లో కాఫీ తాగబోయేవాళ్లకు అంత పెద్ద సెలవు దేనికి? ‘వెళ్లొస్తాను’ అంటే సరిపోతుంది. ఆఫీసు మెయిల్ విషయం గడిలో ‘సెలవు’ అని రాస్తే, మీరు లీవు పెట్టారనుకుని తెరవకుండా వదిలేసేవాళ్లు కూడా ఉంటారు. ‘భవదీయురాలు’ బదులు పేరు చాలు.

కొన్ని వివరాలు ఊహించి పెట్టి మీ మెయిల్‌ని ఇలా తిరగరాశాను. మీ తేదీలు, మీ పనులు పెట్టుకోండి.

“విషయం: 14 నుంచి టీమ్ బాధ్యతల మార్పు

అందరికీ నమస్తే.

సోమవారం, 14వ తేదీ నుంచి నేను శిక్షణ విభాగంలో పనిచేస్తాను. ఈ మూడేళ్లలో మనం కలిసి చేసిన పని తలుచుకుంటే సంతోషంగా ఉంది. బీమా పత్రాల గడువు ముంచుకొచ్చినప్పుడు ఆదివారాలు కూడా వచ్చి పూర్తి చేసినందుకు, నా తొందరను ఓపిగ్గా భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు.

14 నుంచి టీమ్ లీడ్ బాధ్యతలు లావణ్య గారు తీసుకుంటారు. పని కేటాయింపు, సెలవుల విషయం అప్పటి నుంచి ఆవిడనే అడగండి. క్లయింట్ మెయిళ్లకు శుక్రవారం, 11వ తేదీ సాయంత్రం దాకా నేనే జవాబిస్తాను, ఆ తర్వాత అనిల్ గారు ఇస్తారు. బీమా పత్రాల రెండో భాగం ఇంకా సరిచూడాల్సి ఉంది. దాన్ని నేనే పూర్తి చేసి 11న లావణ్య గారికి అప్పగిస్తాను. పదాల పట్టిక ఎప్పటిలాగే టీమ్ ఫోల్డర్‌లో ఉంటుంది. పాత పనుల మీద సందేహాలుంటే ఈ నెల 30 దాకా నన్ను అడగండి. అడిగే ముందు లావణ్య గారికి ఒక మాట చెప్పండి.

పని హడావిడిలో ఎవరినైనా నొప్పించి ఉంటే మన్నించండి. మిమ్మల్ని మిస్ అవుతాను. వెళ్లొస్తాను.”

క్లయింట్లకు కూడా తెలుగులో రాసేట్టయితే ఇదే మెయిల్‌ని వాళ్లకు పంపకండి. వాళ్లతో మాట్లాడేటప్పుడు టీమ్ మొత్తం ఇవతలి వైపు ఉంటుంది కాబట్టి, అక్కడ ‘మేము’, ‘మా టీమ్’ అన్నవే సరైన మాటలు. ‘మా టీమ్ నుంచి 14వ తేదీ మొదలు మీకు అనిల్ గారు జవాబిస్తారు’ అని రెండు మూడు వాక్యాలు వేరుగా రాస్తే సరిపోతుంది.