‘నిర్ణయం తీసుకోవడం జరిగింది’ అనాలా, ‘నిర్ణయించాం’ అనాలా?

సందేహం: మా ఆఫీసులో మెయిళ్లు తెలుగులోనే రాస్తాం. ‘ఈ విషయమై నిర్ణయం తీసుకోవడం జరిగింది’, ‘పరిశీలన చేయడం జరుగుతుంది’ అని రాయడం మాకు అలవాటు. కొత్తగా వచ్చిన మేనేజర్ గారు ‘ఇంత సాగదీయకండి, నిర్ణయించాం, పరిశీలిస్తాం అంటే చాలు’ అంటున్నారు. అలా రాస్తే మోటుగా, పెత్తనం చేసినట్టు ఉండదా? అన్ని మాటల్నీ అలా మార్చేయవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మేనేజర్ చెప్పింది సరైనదే. అయితే ‘అన్నిటినీ మార్చేయవచ్చా’ అన్న మీ అనుమానం కూడా నిజమైనదే. అందుకే రెండిటి గురించీ చెబుతాను.

తెలుగులో పని ఎవరు చేశారో క్రియ చివరే తెలిసిపోతుంది. నిర్ణయించాను, నిర్ణయించాం, నిర్ణయించావు, నిర్ణయించారు. వీటికి ముందు నేను, మేము, నువ్వు, వాళ్లు అని రాయకపోయినా చదివేవారికి మామూలుగా సందేహం రాదు. ఇంగ్లీషుకు ఈ వెసులుబాటు లేదు, అక్కడ కర్తను విడిగా చెప్పి తీరాలి. ఇప్పుడు ‘నిర్ణయం తీసుకోవడం జరిగింది’ అన్న వాక్యం చూడండి. ఇందులో జరిగింది ఏమిటి? తీసుకోవడం. అంటే ‘తీసుకోవడం’ అనే మాటే కర్త స్థానంలోకి వచ్చింది, ‘జరిగింది’ అన్న క్రియ దానికి తగ్గట్టు నపుంసక లింగంలో, ఏకవచనంలో నిలబడింది. తీసుకున్న మనుషులు వాక్యంలోంచి వెళ్లిపోయారు. ఒక్క ‘-ఆం’తో తెలియాల్సిన సంగతి రెండు మాటలు ఎక్కువ రాసినా తెలియలేదు. పొడవు పెరగడం చిన్న నష్టం, మనిషి కనబడకపోవడం పెద్ద నష్టం.

‘మేం చేశాం అని ముందుకు తోసుకుని రావడం ఎందుకు’ అని కొందరు కావాలనే ఇలా రాస్తారు. మీరు ‘మోటు’ అన్నది బహుశా ఇదే. కర్తను చెప్పకుండా ఉండటానికి తెలుగులో ఇంతకన్నా సహజమైన దారి ఎప్పటినుంచో ఉంది. పరీక్ష వాయిదా వేశారు, రోడ్డు తవ్వారు, తేదీ మార్చారు అని రోజూ అంటాం. ఎవరు అని చెప్పం, వినేవారూ అడగరు. ఈ ‘-ఆరు’తో వాక్యం సూటిగానూ ఉంటుంది, ఎవరినీ వేలెత్తి చూపదు. పై అధికారులు తీసుకున్న నిర్ణయాన్ని మీరు చేరవేస్తుంటే ‘శిక్షణ 19న మొదలుపెట్టాలని నిర్ణయించారు’ అని రాయండి. ‘నిర్ణయించబడింది’ అని రాయకండి, అది కూడా ‘జరిగింది’ లాగే మనిషిని మాయం చేస్తుంది. కాకపోతే ఒక మాట గుర్తుంచుకోండి: నిర్ణయించినవారిలో మీరూ ఉంటే ‘నిర్ణయించారు’ అనడం నిజం కాదు, ‘నిర్ణయించాం’ అనే తీరాలి.

‘నిర్ణయించాం’లోనూ ఒక చిక్కుంది. మేము, మనము అన్న తేడా తెలుగుకు చాలా ముఖ్యం, కానీ క్రియ చివర రెండిటికీ ‘-ఆం’ ఒక్కటే. సమావేశానికి రానివారికి ‘తేదీ మార్చాలని నిర్ణయించాం’ అని మెయిల్ పెడితే, నన్నెప్పుడు అడిగారు అని వాళ్లకు అనిపించవచ్చు. అలాంటప్పుడు ‘మేం నిర్ణయించాం’ అని ఆ ఒక్క మాటా చేర్చండి.

ఇక మీ వాక్యంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ‘జరిగింది’ కాదు, ‘ఈ విషయమై’. దీని అన్నదమ్ములే ‘సంబంధించి’, ‘గురించి’, ‘దృష్ట్యా’. ‘తేదీల విషయమై నిర్ణయం తీసుకున్నాం’ అనేది వ్యాకరణానికి నిండైన వాక్యం. కానీ ఏం నిర్ణయం? వాక్యం చెప్పలేదు, చెప్పకపోయినా వెలితి కనిపించలేదు. అదే వాక్యాన్ని ‘నిర్ణయించాం’తో ముగించి చూడండి. ‘తేదీల విషయమై నిర్ణయించాం’ అనగానే చెవికి ఏదో లోటు తెలుస్తుంది. నిర్ణయించు అన్న క్రియ ‘ఏమని?’ అనో ‘దేన్ని?’ అనో అడుగుతుంది. జవాబిస్తే గాని వాక్యం కుదురుకోదు: ‘తేదీలు మార్చాలని నిర్ణయించాం’, లేదా ‘తేదీలను నిర్ణయించాం’. ఈ రెండూ ఒకటి కావని గమనించండి. మొదటిదాంట్లో పాత తేదీలు పోయాయి, రెండోదాంట్లో తేదీలు మొదటిసారి ఖాయమయ్యాయి. ‘విషయమై’ అన్న మాట ఈ రెండు అర్థాలనూ కలిపి కప్పేసింది.

ఇంకా తేలని విషయమైతే ‘విషయమై’ స్థానంలో ఒక ప్రశ్న వస్తుంది. ‘సెలవుల విషయమై నిర్ణయం తీసుకోవలసి ఉంది’ అనే బదులు ‘సెలవులు ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించాలి’ అనో, ‘సెలవులు ఇవ్వాలో వద్దో నిర్ణయించాలి’ అనో రాయాల్సి వస్తుంది. రాసేవారికి కొంచెం పని పెరిగిన మాట నిజమే. ఆ పని రాసేటప్పుడు చేయకపోతే, చదివిన ప్రతివారూ తిరుగు మెయిల్‌లో అడిగి చేయిస్తారు.

ఒక మెయిల్ తీసుకుని చూద్దాం. ఇది నేను కల్పించినదే, అయినా మీకు కొత్తగా అనిపించదు.

‘వచ్చే నెల శిక్షణ కార్యక్రమ నిర్వహణకు సంబంధించి నిన్నటి సమావేశంలో చర్చ జరపడం జరిగింది. తేదీల మార్పు విషయమై నిర్ణయం తీసుకోవడం జరిగింది. పాఠ్యాంశాల జాబితాలో సవరణలు చేయడం జరిగింది. జాబితా పరిశీలన చేసి అభిప్రాయాలు తెలియజేయవలసిందిగా కోరడమైనది.’

ప్రతి వాక్యాన్నీ చివరినుంచి చదవండి. తెలుగులో క్రియ ఉండేది అక్కడే కాబట్టి వెతకడం సులువు. ‘జరిగింది’ కనబడితే ఎడమవైపు ఒకటి రెండు మాటలు వెనక్కి వెళ్లండి, అసలు పని నామం వేషంలో అక్కడ దొరుకుతుంది: చర్చ, నిర్ణయం, సవరణలు. ఆ నామాన్ని క్రియగా మార్చి, అది అడిగే ప్రశ్నకు జవాబు రాయాలి. చర్చించాం. దేని గురించి? తేదీల గురించి. అది రెండో వాక్యంలో ఎలాగూ ఉంది, చర్చించకుండా నిర్ణయించరు కాబట్టి మొదటి వాక్యం మొత్తం తీసేయవచ్చు. నిర్ణయించాం. ఏమని? 12కు బదులు 19న మొదలుపెట్టాలని. సవరించాం. ఎలా? రెండు అంశాలు చేర్చి. అలాగైతే అది సవరించడం కూడా కాదు, చేర్చడం. చివరిది, చెప్పండి. ఎప్పటిలోగా? ఇంతవరకూ ఆ మెయిల్‌లో గడువే లేదన్న సంగతి ఇక్కడ బయటపడింది.

‘వచ్చే నెల శిక్షణ 12న కాకుండా 19న మొదలుపెట్టాలని నిన్నటి సమావేశంలో నిర్ణయించాం. పాఠ్యాంశాల జాబితాలో రెండు కొత్త అంశాలు చేర్చాం. జాబితా చూసి శుక్రవారంలోగా మీ అభిప్రాయం చెప్పండి.’

మొదటిదానిలో 28 మాటలున్నాయి, రెండోదానిలో 22. ఆరు మాటలు తగ్గడం గొప్పేమీ కాదు. ఆ తగ్గిన చోటులోకి తేదీలు, చేర్చిన అంశాల సంఖ్య, గడువు వచ్చి చేరాయి. నేను చూసేది అదే.

అన్నిటినీ మార్చవచ్చా అన్నారు, మార్చలేం. సంస్కృతం నుంచి వచ్చిన నామాలకు చాలావాటికి ‘ఇంచు’ చేరి క్రియ అవుతుంది: పరిశీలన చేయు బదులు పరిశీలించు, అనుమతి ఇచ్చు బదులు అనుమతించు, ప్రయత్నం చేయు బదులు ప్రయత్నించు. కానీ సహాయం, ఆలస్యం కూడా సంస్కృతమే అయినా ‘సహాయించు’, ‘ఆలస్యించు’ అని ఇవాళ ఎవరూ అనరు. సహాయం చేయు, ఆలస్యం చేయు అన్నవే సరైన క్రియలు. ఉర్దూ దారిలో వచ్చిన రద్దు, మంజూరు, తనిఖీ, జమ, ఫిర్యాదు కూడా ‘చేయు’తోనే నడుస్తాయి. (దబాయించు, చలాయించు లాంటివి ఉన్నాయి కదా అనవచ్చు. అవి అక్కడి నామాల నుంచి కాక క్రియల నుంచే వచ్చాయి.) ఇంగ్లీషు మాటలూ అంతే, అప్రూవ్ చేశాం, ఫార్వర్డ్ చేశాం. కాబట్టి ‘చేయు’ కనబడగానే తప్పు పట్టకండి. ‘రద్దు చేశాం’ సూటి వాక్యమే. ‘రద్దు చేయడం జరిగింది’ అన్నదాంట్లోనే బరువుంది.

మారుస్తూ మారుస్తూ అర్థం మారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి, అక్కడ జాగ్రత్త కావాలి. ‘నివేదికలో మార్పులు చేశాం’ అంటే నివేదిక అదే, లోపల అక్కడక్కడా దిద్దాం. ‘నివేదికను మార్చాం’ అంటే పాతది తీసి కొత్తది పెట్టారేమో అనిపిస్తుంది. క్లుప్తంగా ఉందని రెండోది రాస్తే పొరపాటు. ‘విచారణ చేస్తున్నాం’ అన్నదాన్ని మార్చడం ఇంకా ప్రమాదం. ‘మీ ఫిర్యాదు అందింది, విచారిస్తున్నాం’ అని రాస్తే దర్యాప్తు చేస్తున్నారా, బాధపడుతున్నారా? విచారించుకు రెండర్థాలూ ఉన్నాయి. ఇక్కడ ‘విచారణ జరుపుతున్నాం’ అని నామాన్నే ఉంచండి. లేదా ‘మీ ఫిర్యాదు చూస్తున్నాం, ఏం జరిగిందో కనుక్కుంటాం’ అని తేట మాటల్లో చెప్పండి.

నిర్ణయం విషయానికే వస్తే, తన గురించి తాను తేల్చుకున్నప్పుడు ‘కొను’ చేరాలి. ‘ఉద్యోగం మానేయాలని నిర్ణయించుకున్నాను’ అంటాం, ‘తేదీ నిర్ణయించాను’ అంటాం. నిర్ణయానికి విశేషణం తగిలితే మాత్రం నామమే నయం. ‘కష్టమైన నిర్ణయం తీసుకున్నాం’ అన్న వాక్యాన్ని విడదీసి ‘కష్టంగా నిర్ణయించాం’ అంటే అర్థం పక్కకు పోతుంది.

‘జరిగింది’ అన్న మాటకు దాని సొంత చోటు కూడా ఉంది. ఎవరూ పూనుకుని చేయనివి జరుగుతాయి: ప్రమాదం జరిగింది, పొరపాటు జరిగింది. క్షమాపణ రాసేటప్పుడు ‘మా వల్ల పొరపాటు జరిగింది’ అనడం మంచి తెలుగు. అందులో ‘మా వల్ల’ ఉంది కాబట్టి బాధ్యత ఎక్కడికీ పోలేదు.

ఇక పెత్తనం సంగతి. మర్యాద క్రియను దాచడంలో లేదు, క్రియ చివర మనం తగిలించేదాంట్లో ఉంది. ‘జాబితా పంపండి’ తోటివారికి చాలు. పెద్దవారికైనా, పరిచయం లేనివారికైనా ‘జాబితా పంపగలరా?’ అనో ‘దయచేసి జాబితా పంపండి’ అనో అనండి. ‘పంపవలసిందిగా కోరడమైనది’లో కోరినవారే లేరు, ఇక వినయం ఎవరిది? ‘పంపమని కోరుతున్నాను’ అంటే అడుగుతున్నది మీరేనని అవతలివారికి తెలుస్తుంది, జవాబు ఎవరికి రాయాలో కూడా తెలుస్తుంది.