‘ఉండేవాళ్ళం’ వేరు, ‘అలవాటు పడ్డాం’ వేరు

విశాఖపట్నం

అమ్మలూ,

నువ్వు పంపిన ఇంగ్లీషు పేరా చదివాను. చిన్నప్పటి భీమిలి గురించి, ఇప్పటి గాజువాక ఇంటి గురించి ఆరు వాక్యాలు రాశావు. అందులో నాలుగు ఒకే చోట దెబ్బతిన్నాయి. యూస్ట్ టు, వుడ్, బీ యూస్ట్ టు, ఈ మూడూ ఒకదానిలోకి ఒకటి వెళ్ళిపోయాయి. మిగతా గ్రామర్ బాగానే ఉంది కాబట్టి ఈ ఉత్తరమంతా దీనికే కేటాయిస్తున్నాను.

నేను ‘యూస్ట్’ అని రాయడం చూసి తప్పనుకోకు. ‘వాడాను’ అనే అర్థంలో అయితే యూజ్డ్, జ పలుకుతుంది. ఈ ఉత్తరంలో మనం మాట్లాడుకునే మాటలో మాత్రం స పలుకుతుంది. రెండింటికీ స్పెల్లింగ్ ఒకటే: యు, ఎస్, ఇ, డి.

నీ పేరాకి వెనక ఉన్న తెలుగు ఇదీ: ‘చిన్నప్పుడు మేం భీమిలిలో ఉండేవాళ్ళం. ఆదివారం పొద్దున్న తాతయ్య నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళేవారు. వలలు లాగుతుంటే చూసేవాళ్ళం. ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాం. లారీల మోతకి అలవాటు పడ్డాం. నేను రోజూ ఐదింటికి లేస్తాను.’ తెలుగులో నీకు ఒక్క చోట కూడా తడబాటు లేదు చూడు. కాబట్టి ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు తెలుగు క్రియ చివరనే పట్టుకో.

మొదటి వాక్యం నువ్వు ‘వి వుడ్ లివ్ ఇన్ భీమిలి’ అని రాశావు. ‘ఉండేవాళ్ళం’, ‘తీసుకెళ్ళేవారు’ రెండూ తెలుగులో ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, అందుకే ‘ఉండేవాళ్ళం’కి కూడా వుడ్ సరిపోతుందనిపించింది. ఇంగ్లీషు ఇక్కడ ఒక తేడా చూస్తుంది. ఒడ్డుకి తీసుకెళ్ళడం ప్రతి ఆదివారం మళ్ళీ మళ్ళీ జరిగే పని. భీమిలిలో కాపురం ఉండడం అలా జరిగి, ఆగి, మళ్ళీ జరిగేది కాదు, అది ఒక స్థితి. పాత స్థితికి వుడ్ పనికిరాదు, ఈ రెండింటిలో యూస్ట్ టు ఒక్కటే నడుస్తుంది: ‘వి యూస్ట్ టు లివ్ ఇన్ భీమిలి’. అనుమానం వస్తే ‘వారానికి ఎన్నిసార్లు?’ అని అడిగి చూడు. ‘వారానికి ఎన్నిసార్లు తీసుకెళ్ళేవారు?’ అంటే జవాబు ఉంది. ‘వారానికి ఎన్నిసార్లు భీమిలిలో కాపురం ఉండేవాళ్ళు?’ అంటే నవ్వొస్తుంది. ఇల్లు ఉండేది, తాతయ్యకి తెలిసేది, నాకు ఇష్టంగా ఉండేది లాంటివన్నీ ఈ రెండో రకమే.

యూస్ట్ టు స్థితికీ, పనికీ రెండింటికీ నడుస్తుంది. మరి వుడ్ ఎందుకంటావా? వరసగా నాలుగు వాక్యాల్లో యూస్ట్ టు వస్తే వినడానికి బరువుగా ఉంటుంది. అందుకే మొదటి వాక్యంలో యూస్ట్ టుతో కాలాన్ని నిలబెట్టి, తర్వాతి పనులకి వుడ్ వేస్తారు. ఆ కాలం నిలబెట్టకుండా ఊరికే ‘హి వుడ్ టేక్ మి టు ది బీచ్’ అంటే, వినేవాడు ‘ఏం జరిగితే తీసుకెళ్తాడు?’ అని ఎదురుచూస్తాడు. మన మాటలోనూ ఇలాంటిది ఉంది. ‘నేను వచ్చేదాన్ని’ అని ఒక్క ముక్క అని ఆపేస్తే, చిన్నప్పుడు రోజూ వచ్చేదానివా, లేక పిలిచి ఉంటే వచ్చేదానివా అన్నది తేలదు. ముందు ‘చిన్నప్పుడు’ అన్న మాట ఉంటేనే తేలుతుంది. వుడ్‌కీ అదే కావాలి.

రెండో వాక్యంలో ‘మై గ్రాండ్‌ఫాదర్ వజ్ యూస్ట్ టు టేక్ మి’ అన్నావు. ఆ ‘వజ్’ తీసెయ్. పాత పనికి యూస్ట్ టు ముందు యామ్, ఈజ్, వజ్, ఆర్ ఏవీ రావు.

అవి వచ్చాయంటే మాట మారిపోయినట్టే, అప్పుడది ‘అలవాటు పడడం’ అవుతుంది. ఇక్కడే నీ ఐదో వాక్యం చూడాలి: ‘వి ఆర్ యూస్ట్ టు హియర్ ది నాయిస్’. ‘ఆర్’ సరిగ్గా పెట్టావు, తర్వాత క్రియని ఉన్నదున్నట్టు పెట్టేశావు. ఈ ‘టు’ మన ‘కి’ లాంటిది. మోతకి, ఉక్కపోతకి, వినడానికి అన్నట్టు, దాని తర్వాత నామవాచకమో, ఇంగ్‌తో ముగిసే రూపమో రావాలి. ‘వి ఆర్ యూస్ట్ టు ది నాయిస్’ అనొచ్చు, ‘వి ఆర్ యూస్ట్ టు హియరింగ్ ది నాయిస్’ అనొచ్చు. పరీక్ష కావాలంటే ‘టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చూడు. ‘వి ఆర్ యూస్ట్ టు ఇట్’ నిలబడుతుంది. ‘వి యూస్ట్ టు ఇట్’ మధ్యలో విరిగిపోతుంది, ఎందుకంటే అక్కడ క్రియ కావాలి. కాలం మార్చాలంటే ‘బీ’ని మార్చాలి, యూస్ట్‌ని కాదు. ఇంకా అలవాటు పడుతూ ఉంటే గెట్ వస్తుంది. హైదరాబాద్ నుంచి కొత్తగా దిగినవాళ్ళు మే నెలలో మన ఉక్కపోత గురించి ‘ఐ యామ్ గెటింగ్ యూస్ట్ టు ది హ్యుమిడిటీ’ అంటారు.

చివరి వాక్యం ‘ఐ యూస్ట్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్’. మనవాళ్ళు తరచుగా చేసే తప్పు ఇది, పైగా దీనివల్ల నష్టం కూడా ఎక్కువ. నువ్వు చెప్పాలనుకున్నది రోజూ ఐదింటికి లేస్తానని. ఇంటర్వ్యూలో ఎదుటివాడికి వినపడేది ‘ఒకప్పుడు లేచేదాన్ని, ఇప్పుడు లేవట్లేదు’ అని. గ్రామర్ ప్రకారం వాక్యంలో లోపం లేదు కాబట్టి వాళ్ళు తప్పని కూడా అనుకోరు, నమ్మేస్తారు. దీనికి మూలం మన ‘అలవాటు’ అన్న మాటే. ‘ఐదింటికి లేవడం నాకు అలవాటు’ అంటే రోజూ చేస్తాననీ అర్థం, చేయడం కష్టంగా లేదనీ అర్థం. ఇంగ్లీషులో ఈ రెండూ విడిపోతాయి. రోజూ చేస్తావు అంటే మామూలు వర్తమానమే: ‘ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్ ఎవ్రీ డే’. కష్టంగా లేదు అంటే ‘ఐ యామ్ యూస్ట్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్’. అంచేత ‘అలవాటు’ అని మనసులోకి వచ్చిన ప్రతిసారీ దాన్ని ‘చేస్తాను’ అని మార్చి చూడు, తర్వాత ‘కొత్తగా అనిపించదు’ అని మార్చి చూడు. నువ్వు చెప్పాలనుకున్నది ఏదో దాన్నిబట్టి రాయి.

సరిచేసిన పేరా ఇదిగో. ‘వెన్ ఐ వజ్ ఎ చైల్డ్, వి యూస్ట్ టు లివ్ ఇన్ భీమిలి. ఆన్ సండే మార్నింగ్స్ మై గ్రాండ్‌ఫాదర్ వుడ్ టేక్ మి టు ది బీచ్. వి వుడ్ వాచ్ ది ఫిషర్‌మెన్ పుల్ ఇన్ దెయిర్ నెట్స్. నౌ వి లివ్ ఇన్ గాజువాక. వి ఆర్ యూస్ట్ టు ది నాయిస్ ఆఫ్ ది లారీస్. ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్ ఎవ్రీ డే.’

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. మొత్తం ఎన్నేళ్ళో, ఎన్నిసార్లో లెక్క చెప్పేటప్పుడు యూస్ట్ టు, వుడ్ రెండూ వద్దు. మనమైనా ‘కైలాసగిరికి మొత్తం నాలుగుసార్లు వెళ్ళేవాళ్ళం’ అనం, ‘వెళ్ళాం’ అంటాం. ఇంగ్లీషులోనూ అంతే, ‘వి వెంట్ దేర్ ఫోర్ టైమ్స్’. ‘భీమిలిలో మూడేళ్ళు ఉన్నాం’ అంటే ‘వి లివ్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’.

రెండోది, ‘వెళ్ళేదాన్ని కాదు’ అనాలంటే ‘ఐ డిడ్‌న్ట్ యూజ్ టు గో’ అని రాసేటప్పుడు చివరి డి తీసెయ్. భూతకాలాన్ని ‘డిడ్’ మోసేసింది కదా. ప్రశ్నలోనూ అంతే. నోటితో అన్నప్పుడు డి ఉన్నా లేకపోయినా ఒకేలా ‘యూస్టు’ అనే వినిపిస్తుంది, అందుకే రాతలో ఇది తేలిగ్గా తప్పుతుంది.

ఈసారి తాతయ్య గురించి ఇంకో పేరా రాసి పంపు. ముందు తెలుగులో రాసుకుని, ప్రతి క్రియ చివర గీత గీసి, ఆ తర్వాత ఇంగ్లీషు రాయి. రెండూ పంపితే తప్పు ఎక్కడ మొదలైందో నాకూ కనపడుతుంది.

మీ మావయ్య