సర్వర్‌ని కసిరాడు, నాతో మాత్రం నవ్వుతూ మాట్లాడాడు

ప్రశ్న: మాది విశాఖ. ఈమధ్యే ఒకతను పరిచయమయ్యాడు, రెండుసార్లు కలిశాం. నాతో చాలా మర్యాదగా ఉంటాడు. మొన్న హోటల్లో సర్వర్‌ని గట్టిగా కసిరాడు. పట్టించుకోవాలా, నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

పట్టించుకోండి. అయితే కసరడం ఒక్కటే చూడకండి, ఆ తర్వాతి నిమిషంలో ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి.

నాదీ విశాఖే. కొన్నేళ్ల కిందట ఒకతనితో రెండోసారి సిరిపురంలో భోజనానికి వెళ్లాను. ఆదివారం రాత్రి, హోటల్ కిటకిటలాడుతోంది. రొయ్యల బిర్యానీ చెబితే 40 నిమిషాలకి చికెన్ బిర్యానీ వచ్చింది. తెచ్చినాయనకి మా నాన్న వయసుంటుంది. "ఏయ్, చెవులు పనిచెయ్యవా నీకు?" అన్నాడితను. పెద్దాయన ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇతను వెంటనే నావైపు తిరిగి, "మీరు ఈలోపు ఏమైనా తాగుతారా?" అన్నాడు, నవ్వుతూ. నిజంగా కోపం వచ్చినవాడి గొంతు మామూలవడానికి కాసేపు పడుతుంది. ఇతనికి 'నీకు' నుంచి 'మీరు'కి రావడానికి క్షణం కూడా పట్టలేదు. పాపం ఆకలేసి ఉంటుందిలే అని నేనే సర్దిచెప్పుకున్నాను.

ఐదు నెలల తర్వాత ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆర్కే బీచ్‌కి అరగంట లేటుగా వెళ్లాను. "ఏయ్, ఫోన్ చెయ్యడం రాదా నీకు?" అదే 'ఏయ్'. పక్కన ముంతమసాలా కలుపుతున్నాయన కూడా తలెత్తి చూశాడు. అప్పటికి నేను 'మీరు' దాటి 'నువ్వు'లోకి వచ్చేశాను కదా మరి.

అలాగని విసుక్కున్న ప్రతివాడూ చెడ్డవాడు కాదు. మా ఆయన కూడా పరిచయమైన కొత్తల్లో, ఋషికొండ వెళ్తుంటే ఆటో దారి తప్పిందని గొంతు పెంచాడు. దిగి డబ్బులిస్తూ, "ఇందాక అరిచాను, ఏమనుకోకు బాబాయ్" అన్నాడు. నేను ఫోన్‌లో ఉన్నాను, విన్నానో లేదో అని నావైపు చూడను కూడా చూడలేదు. తప్పు ఆర్డర్ వస్తే వెనక్కి పంపడం కూడా తప్పేం కాదు. "ఇది మేం చెప్పింది కాదండీ, ఒకసారి చూడండి" అంటే ఎవరి పరువూ పోదు.

మొదటి రెండు మూడుసార్లు సర్వర్‌తో మర్యాదగా ఉండడం ఎవరైనా నటించగలరు. ఆలస్యమైనప్పుడు నటించడం కష్టం. దానికోసం మీరు పరీక్షలేవీ పెట్టక్కర్లేదు. సెలవురోజు సాయంత్రం భీమిలి నుంచి బీచ్ రోడ్డులో తిరిగి రండి, ఆ ట్రాఫికే పరీక్ష పెడుతుంది. ముందు బండి ఆగిపోతే హారన్ మీద చెయ్యి తియ్యకుండా ఉంటాడా, అడ్డంగా రోడ్డు దాటే ముసలావిడని ఏమంటాడు, అవి చూడండి.

ఈలోపు నేరుగా ఒక మాట అడగండి: "మొన్న సర్వర్‌ని అలా అన్నప్పుడు నాకు ఇబ్బందిగా అనిపించింది." "అవును, ఎక్కువ చేశాను" అంటే ఇంకో నాలుగుసార్లు కలిసి చూడొచ్చు. నేను ఇదే మాట బీచ్ గొడవ తర్వాత గానీ అడగలేదు. "వాళ్లని అలా అనకపోతే పని జరగదు" అన్నాడతను. మీరు ఐదు నెలలు ఆగకండి, ఈ వారమే అడిగేయండి.