బరువు తగ్గినా బిల్లు ఎందుకు తగ్గదు: ధర పెరిగినప్పుడు నగల అమ్మకాలు

ప్రశ్న: బంగారం ధర పెరగడంతో నగల అమ్మకాలు టన్నుల్లో పడిపోయాయని చదివాను. అదే వార్తలో నగల మీద జనం పెట్టిన ఖర్చు పెరిగిందనీ ఉంది. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? డిమాండ్ వ్యాకోచత్వం అంటే ఇదేనా?

జవాబు: అవును, అదే. ధర ఒక శాతం మారితే కొనే పరిమాణం ఎంత శాతం మారుతుందో చెప్పేదే వ్యాకోచత్వం. మీరు చదివిన వార్త ఏ ఏడాదిదో కానీ, 2024 లెక్కలు దీనికి చక్కగా సరిపోతాయి. వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ ప్రకారం ఆ ఏడాది ప్రపంచమంతా కొన్న బంగారు నగలు 1,877 టన్నులు. అంతకు ముందు ఏడాది కంటే 11 శాతం తక్కువ. బంగారం సగటు ధర మాత్రం 23 శాతం పెరిగి ఔన్సుకి 2,386 డాలర్లయింది. ఫలితంగా నగల విలువ 9 శాతం పెరిగి 144 బిలియన్ డాలర్లకు చేరింది.

ఖర్చు తగ్గాలంటే బరువు ఎంత పడిపోవాలి? ధర 23 శాతం పెరిగింది కాబట్టి బరువూ 23 శాతం తగ్గితేనే లెక్క సమానమవుతుందని చాలామంది అనుకుంటారు. అంత అక్కర్లేదు. నూరు ఉన్న ధర 123 అయితే, పాత డబ్బుకి వచ్చే బరువు నూటికి సుమారు 81. అంటే 19 శాతం తగ్గుదలే హద్దు. 11 శాతమే తగ్గింది కాబట్టి ఖర్చు పెరిగింది.

ఇక జనం అలా ఎందుకు ప్రవర్తిస్తారన్నది. నేను నగల వ్యాపారంలో అమ్మకాల లెక్కలు చూసేవాణ్ణి. బిల్లులన్నీ ఒకచోట పెట్టి చూస్తే కొనేవాళ్లు మూడు రకాలుగా విడిపోతారు. మొదటి రకం వాళ్లు గ్రాములు అనుకుని రారు, డబ్బు అనుకుని వస్తారు. ఇంతలో ఏమొస్తుందో చూపించమంటారు. రెండో రకానికి ఫలానా నగే కావాలి. మాట ఇచ్చేసి ఉంటారు, ధర పెరిగినా తిట్టుకుంటూ కొంటారు. మూడో రకం వాళ్లు కావాలంటే కొంటారు, లేదంటే ఆ డబ్బు మరో చోట ఖర్చు పెడతారు.

లెక్క సులువుగా ఉండటానికి నూరు మంది, తలా 10 గ్రాములు, గ్రాము ధర 100 అనుకుందాం. మొత్తం 1,000 గ్రాములు, ఖర్చు లక్ష. ఇప్పుడు ధర 125 అయింది. నూరు మందిలో 40 మంది నగ కోసం వచ్చినవాళ్లు: అదే 400 గ్రాములు కొన్నారు, వాళ్ల ఖర్చు 40 వేల నుంచి 50 వేలయింది. మరో 40 మంది డబ్బు అనుకుని వచ్చినవాళ్లు: అదే వెయ్యికి తలా 8 గ్రాములు తీసుకున్నారు, 320 గ్రాములు, ఖర్చు మారలేదు. మిగిలిన 20 మందిలో సగం మంది వెళ్లిపోయారు, సగం మంది 8 గ్రాములతో సరిపెట్టుకున్నారు: 80 గ్రాములు, 10 వేలు. మొత్తం 800 గ్రాములు, ఖర్చు మళ్లీ సరిగ్గా లక్ష. బరువు ఐదో వంతు పోయింది, గల్లాపెట్టెకి తేడా తెలియలేదు. వెళ్లిపోయింది పదిమంది కాకుండా ఐదుగురే అయితే ఖర్చు 1,05,000 అవుతుంది. మూడో రకం వాళ్లు ఇరవై మందీ మానేస్తే 90 వేలకు పడిపోతుంది. అంటే ఖర్చు పెరగడమా తగ్గడమా అన్నది ఎక్కువగా ఈ మూడో రకం వాళ్లలో ఎంతమంది మానుకున్నారన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇక్కడే ఒక చిక్కు. వ్యాకోచత్వం ఒకటి కంటే తక్కువుంటే ఖర్చు పెరుగుతుందని పాఠాల్లో చెప్తారు. పై ఉదాహరణలో బరువు తగ్గిన 20 శాతాన్ని ధర పెరిగిన 25 శాతంతో భాగిస్తే 0.8 వస్తుంది, అయినా ఖర్చు పెరగలేదు. ఆ సూత్రం చిన్న మార్పులకు. పెద్ద మార్పులకు పాత, కొత్త అంకెల మధ్య సగటు మీద శాతాలు కట్టాలి. అలా కడితే ఇక్కడ సరిగ్గా ఒకటి వస్తుంది.

మీ చేతిలో అమ్మకాల లెక్కలుంటే మొత్తం బరువు ఒక్కటే చూడకండి. బిల్లుల సంఖ్య, బిల్లుకి సగటు బరువు విడివిడిగా చూడండి. బిల్లులు అలాగే ఉండి సగటు బరువు తగ్గుతుంటే జనం సర్దుకుంటున్నారని అర్థం. బిల్లులే తగ్గుతుంటే మానుకుంటున్నారు, ఖర్చుకి అసలు ప్రమాదం అది. పైగా చిన్న నగలు కొనేవాళ్లు మానుకుంటే మిగిలినవాళ్ల సగటు బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. అది చూసి గిరాకీ బాగుందని సంబరపడే యజమానులను చూశాను.

సర్దుకోవడానికి దారులు చాలా. లోపల బోలుగా చేసిన గాజులు, పలుచని రేకుతో చేసినవి, గొలుసు సన్నం చేయడం. వీటన్నిటికంటే ఆసక్తికరమైనది క్యారెట్ దిగడం. 22 క్యారెట్లలో 10 గ్రాముల నగలో సుమారు 9.17 గ్రాముల మేలిమి బంగారం ఉంటుంది, 18 క్యారెట్లలో ఏడున్నరే. చేతిలో నగ బరువు మారదు, బంగారం మాత్రం 18 శాతం తగ్గింది. ప్రపంచ లెక్కలు మేలిమి బంగారంలో కడతారు కాబట్టి ఒక్క నగ అమ్మకమూ తగ్గకుండానే టన్నులు తగ్గొచ్చు.

ఇంకో సంగతి, కొనేవాడు చూసే ధర బులియన్ ధర కాదు. మజూరీ గ్రాముకి ఇంత అని స్థిరంగా ఉంటే బంగారం 25 శాతం పెరిగినా నగ ధర అంత పెరగదు: బంగారం 100, మజూరీ 15 ఉన్న చోట 115 కాస్తా 140 అవుతుంది, అంటే 22 శాతమే. మజూరీ, తరుగు శాతంలో వేస్తే పెరుగుదల మొత్తం కొనేవాడి మీదే పడుతుంది.

వార్తలో చెప్పిన 'ఖర్చు'ను కూడా కాస్త జాగ్రత్తగా తీసుకోండి. 1,877 టన్నులను ఔన్సుల్లోకి మార్చి 2,386తో గుణించి చూడండి, దాదాపు 144 బిలియన్లే వస్తుంది. అంటే అది బరువును ధరతో గుణించిన బంగారం విలువ. మజూరీ, రాళ్లు, పన్నులు అందులో లేవు. షాపు పుస్తకాల్లో దీనికి తోడు పాత బంగారం మార్పిడి ఉంటుంది: 10 గ్రాముల పాతది ఇచ్చి 12 గ్రాముల కొత్తది తీసుకుంటే బిల్లులో 12 గ్రాములు పడతాయి, జేబులోంచి పోయేది రెండు గ్రాముల విలువ, మజూరీ, పాతదానిలో కోసిన తరుగు. ధరలు ఎక్కువున్నప్పుడు ఈ మార్పిడి పెరుగుతుంది కాబట్టి, బిల్లుల మొత్తం చూసి జనం అంత కొత్త డబ్బు పెట్టారనుకోకూడదు.

ఒక్క ఏడాది అంకెలతో వ్యాకోచత్వం తేల్చేయడమూ కుదరదు. 2020లో బంగారం సగటు ధర 27 శాతం దాకా పెరిగింది, నగల టన్నులు మూడో వంతు పడిపోయాయి, ఆసారి విలువ కూడా తగ్గింది. కానీ అప్పుడు దుకాణాలు మూతపడ్డాయి, ఆదాయాలు ఆగిపోయాయి. అందులో ధర వాటా ఎంతో ఆ రెండు అంకెలు చెప్పలేవు.

ధర ఉన్నట్టుండి ఎగిరిన వారాల అంకెలదీ ఇదే కథ. మళ్లీ దిగుతుందేమోనని కొన్నాళ్లు ఆగుతారు, బిల్లులు ఒక్కసారిగా పడిపోతాయి. ధర ఆ ఎత్తులోనే నిలబడితే ఆగినవాళ్లలో చాలామంది తిరిగొస్తారు, తక్కువ బరువుతో. అందుకే నేను ఎగిరిన వారాలను పక్కన పెట్టి, ధర పెద్దగా కదలని నెలలనే ముందు ఏడాది అవే నెలలతో పోల్చేవాణ్ణి.